గీత దిగితే పిల్ల దిగినట్టేనా?

ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు,

ఈసారి ప్రోగ్రెస్ కార్డు వెనక ఒక గ్రాఫు కాగితం కూడా పిన్ను కొట్టి పంపాను. కార్డులు ఇళ్లకు చేరిన సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. చేసేవాళ్లు వేరైనా మాట మాత్రం ఒకటే. "సార్, లెక్కల గీత బాగా కిందికొచ్చేసింది. మా పిల్ల చదవడం మానేసిందా?" కొందరు అడగడం కూడా దాటిపోయారు. ఫోన్లు లాక్కున్నారు, ట్యూషన్ మార్చేశారు, ఆటలు బందు పెట్టారు. విడివిడిగా చెప్పడం కన్నా అందరికీ ఒకే ఉత్తరం రాయడం మేలనిపించింది.

మార్కులంటే టీచరు చేతిలో ఉంటాయి, ఒకటి అటూ ఇటూ అవుతుంది, గ్రాఫు మాత్రం అబద్ధం ఆడదని మనలో చాలామందికి నమ్మకం. గీత పైకి వెళ్తే పిల్ల బాగుపడినట్టు, కిందికి దిగితే చెడినట్టు. ట్యూషన్ సెంటర్ల కరపత్రాలూ, ఫ్లెక్సీలూ ఈ నమ్మకం మీదే బతుకుతున్నాయి. బళ్లలోనూ ఇదే పాట. స్టాఫ్ రూములో కూర్చున్న మాలోనూ సగంమంది గ్రాఫును ఇలాగే చదువుతారు. ఈ చదవడం తప్పు. ఏదో కొంచెం తేడాగా కాదు, చాలాసార్లు అసలు సంగతికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఎలాగో రెండు గ్రాఫులు తీసుకుని చూపిస్తాను. ఎవరి పిల్లలో గుర్తుపట్టకుండా అంకెలు కాస్త మార్చాను. వెతకకండి.

ముందు గ్రాఫులో ఏముందో చూడండి. చుక్కలు పెట్టి గీసిన లావు గీత మీ పిల్లది. తెగ్గొట్టినట్టు సన్నగా ఉన్నది తరగతి సగటు. జిరాక్సులో రంగులు పోతాయని ఇలా వేశాను. మూడు చుక్కల్లో మొదటిది ఎఫ్ఏ-1, రెండోది ఎఫ్ఏ-2, మూడోది ఎస్ఏ-1. మీ రోజుల్లో వాటిని యూనిట్ పరీక్షలు, హాఫ్ ఇయర్లీ అనేవాళ్లు. మార్కులన్నీ నూటికి లెక్కగట్టి పెట్టాను. అసలు చిక్కంతా ఈ "నూటికి లెక్కగట్టడం" దగ్గరే మొదలవుతుంది.

ఒక అమ్మాయి లెక్కల గీత ఇది. ఎఫ్ఏ-1లో 50కి 46, అంటే 92 శాతం. ఎఫ్ఏ-2లో 50కి 44, 88 శాతం. ఎస్ఏ-1లో 80కి 61, 76 శాతం. 92, 88, 76. గీత మెట్లు దిగినట్టు దిగింది. ఆ పిల్ల తండ్రి ఫోన్లో నాతో మాట్లాడిన పది నిమిషాల్లో "పదహారు మార్కులు పోయాయి" అన్న మాట చాలాసార్లు అన్నారు. ఆ పదహారు మార్కులు ఎక్కడా పోలేదు. ఎఫ్ఏ ఒక రకం పరీక్ష, ఎస్ఏ మరో రకం. రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టి మధ్యలో గీత లాగింది నేను.

ఎఫ్ఏలో 50 మార్కులు ఎలా వస్తాయో కార్డులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. తరగతిలో పాల్గొనడానికీ, ప్రతిస్పందనలకూ 10. రాత పనికి, అంటే నోటుపుస్తకాలకు 10. ప్రాజెక్టు పనికి 10. స్లిప్ టెస్టుకి 20. యాభైలో ముప్పై మార్కులు పరీక్ష గదికి బయటే వచ్చేస్తాయి. నోట్సు సమయానికి చూపించి, ప్రాజెక్టు చార్టు తెచ్చిన పిల్లకు పదికి తొమ్మిది వేయని టీచరు అరుదు. అందులో తప్పు కూడా లేదు, ఆ మార్కులు పెట్టిందే పిల్ల రోజువారీ పనిని గుర్తించడానికి. ఎస్ఏ అలా కాదు. గంటల తరబడి కూర్చుని, మూడు నాలుగు నెలల పాఠాలన్నింటిలోంచీ వచ్చిన ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయాలి. నోటుపుస్తకం అక్కడ ఆదుకోదు. ఎఫ్ఏ నుంచి ఎస్ఏకి వచ్చేసరికి దాదాపు ప్రతి పిల్ల గీతా దిగుతుంది. నిరుడూ దిగింది, అంతకుముందూ దిగింది.

అందుకే సగటు గీత కూడా వేశాను. అదే గ్రాఫులో దాన్ని చూడండి. తరగతి సగటు ఎఫ్ఏ-1లో 82, ఎఫ్ఏ-2లో 84, ఎస్ఏ-1లో 60. తరగతి మొత్తం ఇరవై నాలుగు మెట్లు దిగినప్పుడు ఈ అమ్మాయి పన్నెండే దిగింది. సగటు కన్నా మొదట 10 పైన ఉంది, తర్వాత 4 పైన, ఇప్పుడు 16 పైన. మీరు చూడాల్సింది ఈ రెండు గీతల మధ్య ఎడం. లావు గీత ఏ వైపు వాలిందన్న దాంతో పెద్ద పని లేదు.

అయితే 10 నుంచి 16కి పెరిగింది కాబట్టి పిల్ల ఎగిరిపోయిందని సంబరపడకండి. అదీ అంతే తొందరపాటు. ఎఫ్ఏలో తరగతి అంతా ఇరుక్కుని ఒకచోటే ఉంటుంది. ఎఫ్ఏ-1లో మా తరగతిలో 50కి అందరికన్నా తక్కువ 32, ఎక్కువ 48. ఎస్ఏలో పిల్లలు విడిపోతారు. 80కి 18 వచ్చినవాళ్లున్నారు, 76 వచ్చినవాళ్లూ ఉన్నారు. అందరూ ఇరుక్కున్నచోట పది మెట్ల ఎడం చాలా ఎక్కువ, విడిపోయినచోట పదహారు మామూలే. ఈ రెండూ కలిపి చూస్తే ఆ అమ్మాయి మొదటా ఇప్పుడూ తరగతిలో పైనున్న అయిదో వంతులోనే ఉంది. దిగలేదు. ఎక్కిందని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. మూడు పరీక్షల ఆ గ్రాఫు నుంచి తేలేది ఇంతే. ఇంత చిన్న సంగతి కోసం ఆ ఇంట్లో ఒక ఆదివారం పాడైపోయింది.

"సగటుతో మాకేం పని సార్, మా పిల్ల మార్కులు మా పిల్లవే కదా" అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సగటు వేసింది పిల్లను పక్కింటి పిల్లతో పోల్చడానికి కాదు, పేపరు ఎంత కఠినంగా వచ్చిందో తెలియడానికి. ఆ రోజు పేపరు ఎలా ఉందో మీ పిల్ల ఒక్కదాని మార్కు చెప్పలేదు, నలభైమంది మార్కులు కలిస్తే కొంత చెబుతాయి. కొంతే. పరీక్ష రోజున బాగా చదివే నలుగురు జ్వరంతో రాకపోతే సగటు దానంతటదే పడుతుంది. ఒకటి రెండు మెట్ల తేడా మీద ఏ కథా కట్టకండి.

ఇక రెండో అపోహ. ఇది మరీ లోతుగా పాతుకుంది. "పోయినసారి తక్కువొస్తే గట్టిగా నాలుగు తగిలించాను, ఈసారి చూడండి ఎలా లేచిందో!" ఈ మాట అనని ఇల్లు లేదు. దాని జంట మాట కూడా ఉంది. "ఇరవైకి ఇరవై వచ్చిందని మెచ్చుకున్నాం, నెత్తికెక్కింది, తర్వాత పన్నెండు." గ్రాఫు చూస్తే రెండూ నిజమనే అనిపిస్తాయి. పడినచోట తిట్టారు, లేచింది. లేచినచోట పొగిడారు, పడింది. కళ్లెదుట రుజువున్నట్టే ఉంటుంది.

ఒక పని చేయండి. ఇంట్లో ఇరవై చింతగింజలు తీసుకోండి. అయిదింటికి సున్నం రాసి ఆరనివ్వండి. ఈ ఇరవై గింజలూ పరీక్షకు రాదగిన ఇరవై రకాల లెక్కలు. సున్నం లేని పదిహేను మీ పిల్లకు బాగా వచ్చినవి, సున్నం పెట్టిన అయిదు ఇంకా రానివి. అంటే ఆ పిల్లకు నూటికి డెబ్బై అయిదు వంతులు వచ్చు. గింజలన్నీ సంచిలో వేసి కలిపి, చూడకుండా అయిదు తీయండి. అదే స్లిప్ టెస్టు. అయిదు లెక్కలు, ఒక్కోటి నాలుగు మార్కులు, మొత్తం 20. సున్నం లేని గింజ ఒక్కోదానికి నాలుగు మార్కులు వేసి కాగితం మీద రాసుకోండి. గింజలు మళ్లీ సంచిలో వేసి మళ్లీ తీయండి. ఇలా ఓ పాతికసార్లు చేసి ఆ మార్కులతో గ్రాఫు గీయండి.

గీత కొండల్లా లేస్తుంది, పడుతుంది. లెక్కగట్టి చెప్పాలంటే, నూరుసార్లు తీస్తే దాదాపు 19 సార్లు ఇరవైకి ఇరవై వస్తుంది. 44 సార్లు పదహారు. 29 సార్లు పన్నెండు. ఏడెనిమిదిసార్లు ఎనిమిది గాని, అంతకన్నా తక్కువ గాని. సంచిలోని గింజలు మారలేదు. పిల్లకు వచ్చింది ఒక్కటీ తగ్గలేదు, కొత్తగా ఒక్కటీ చేరలేదు. అయినా ఇరవై నుంచి ఎనిమిదికి పడగలదు. ఏ గింజలు చేతికొచ్చాయన్నదే తేడా.

ఇప్పుడు తిట్ల సంగతి చూద్దాం. ఎనిమిది వచ్చిన రోజున సంచిని తిట్టండి. తర్వాతిసారి ఎనిమిది కన్నా ఎక్కువ వచ్చే అవకాశం నూటికి 92కి పైనే ఉంది. సంచి భయపడిందా? ఇరవై వచ్చిన రోజున సంచిని మెచ్చుకోండి. తర్వాతిసారి ఇరవై కన్నా తగ్గే అవకాశం నూటికి 80. సంచికి పొగరెక్కిందా? బాగా తక్కువ వచ్చినప్పుడు ఆ తక్కువలో కొంత దురదృష్టం కలిసి ఉంటుంది, అది ప్రతిసారీ వెంట రాదు. బాగా ఎక్కువ వచ్చినప్పుడు అదృష్టం కలిసి ఉంటుంది, అదీ వెంట రాదు. అందుకే రెండు చివరలకూ వెళ్లిన మార్కు తర్వాతిసారి మధ్యకు జరుగుతుంది, మీరు తిట్టినా, పొగిడినా, నోరు మెదపకపోయినా.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తులూ, పిల్లల ఎత్తులూ పక్కపక్కన పెట్టి చూసి 1886లోనే దీని గురించి రాశాడు. బాగా పొడుగైనవాళ్ల పిల్లలు సగటుగా వాళ్లంత పొడుగు కారు, బాగా పొట్టివాళ్ల పిల్లలు వాళ్లంత పొట్టి కారు. తిట్లకూ దీనికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నవాడు డేనియల్ కానెమాన్, 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతూ, శిక్ష కన్నా మెచ్చుకోలు బాగా పనిచేస్తుందన్నాడు. ఒక సీనియర్ శిక్షకుడు లేచి, తన అనుభవం దానికి పూర్తిగా వ్యతిరేకమన్నాడు. విమానాన్ని చక్కగా తిప్పిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే తర్వాతిసారి పాడు చేస్తాడట, పాడు చేసినవాణ్ణి కేకలేస్తే తర్వాతిసారి బాగా చేస్తాడట. శిక్షకుడు చూసింది నిజమే. దానికి చెప్పిన కారణమే తప్పు. కేకలెయ్యకపోయినా జరగబోయేదాన్ని ఆయన కేకల ఖాతాలో వేసుకున్నాడు. మన ఇళ్లలో ఎన్నేళ్లుగానో జరుగుతున్నది అచ్చంగా అదే.

ట్యూషన్ సెంటర్ల వ్యాపారానికీ సగం బలం ఇక్కడి నుంచే వస్తుంది. పిల్లను ట్యూషన్లో ఎప్పుడు చేరుస్తారు? మార్కులు బాగా పడిపోయినప్పుడే కదా. అంటే అదృష్టం బాగాలేని రోజు తర్వాత. ఆ తర్వాతి పరీక్షలో గీత ఎలాగూ కొంత లేచేది. అది "మా దగ్గర చేరకముందు, చేరాక" అన్న కరపత్రంలోకి ఎక్కుతుంది. ట్యూషన్లన్నీ పనికిరావని అనడం లేదు. కొన్నిచోట్ల నిజంగానే చెబుతారు. ఆ రెండు చుక్కలు మాత్రం దానికి సాక్ష్యం కావు. అవే మార్కులు వచ్చి ట్యూషన్లో చేరని పిల్లలు తర్వాతి పరీక్షలో ఎంత లేచారో పక్కన పెట్టి చూపించమనండి. అలా చూపించిన కరపత్రం ఇంతవరకు నా కంటపడలేదు.

"అయితే భయం అక్కర్లేదంటారా సార్? భయం లేకపోతే చదువుతారా?" అని అంటారు, నాకు తెలుసు. భయం పనిచేస్తుందో లేదో గ్రాఫు చూసి చెప్పలేం అన్నదే ఇక్కడ నా మాట. భయం ఏం చేస్తుందో మాత్రం నాకు బడిలో కనబడుతూనే ఉంటుంది. స్లిప్ టెస్టు పేపరు సంచీ అడుగున మడతపెట్టి దాస్తారు. సంతకం అక్క చేత పెట్టిస్తారు. రాని లెక్కను "రాలేదు సార్" అని అడగడం మానేస్తారు. నాకు కావాల్సిన సమాచారం అక్కడే ఆగిపోతుంది.

ఇంతదాకా చదివినవాళ్లకు గీత దిగడం ఎప్పుడూ ఉత్తదేనా అన్న అనుమానం వస్తుంది. ఉత్తది కాదు. నిజంగా దిగజారిన పిల్లలున్నారు. చిత్రం ఏమిటంటే వాళ్లలో కొందరి గీత పైకి వెళ్తుంటుంది. రెండో గ్రాఫు అలాంటిదే, ఒక అబ్బాయిది. నన్నడిగితే ఈ ఉత్తరంలో అన్నింటికన్నా ముఖ్యం ఇదే.

ఎఫ్ఏ-1లో అతనికి 50కి 32, అంటే 64 శాతం. ఎఫ్ఏ-2లో 35, 70 శాతం. గీత లేచింది. ఇంట్లో సంతోషించారు, కొత్త సైకిల్ కొన్నారు. ఎస్ఏ-1లో 80కి 31, 39 శాతం. ఒక్కసారిగా కుప్పకూలిందని తల్లి ఏడ్చారు. ఫోన్ పిచ్చి అన్నారు, స్నేహాలన్నారు, ఎవరి దిష్టో అన్నారు. ఇప్పుడు ఆ 32నూ, 35నూ విడదీద్దాం. ఎఫ్ఏ-1లో పాల్గొనడానికి 7, రాత పనికి 7, ప్రాజెక్టుకి 6, స్లిప్ టెస్టులో 20కి 12. ఎఫ్ఏ-2లో మొదటి మూడింటికీ తలా 9, స్లిప్ టెస్టులో 8. మొత్తం మూడు మార్కులు పెరిగింది, అందులో స్లిప్ టెస్టు నాలుగు తగ్గింది. నోట్సుకు అట్టలేశాడు, ప్రాజెక్టు చార్టు అందంగా తెచ్చాడు, గీతను అవి పైకి లాగాయి. చూడకుండా సొంతంగా చేసిన లెక్కల్లో అతనికి వచ్చింది 60 శాతం, తర్వాత 40, ఇప్పుడు 39. ఎస్ఏలో ఏదో కూలలేదు. ఎఫ్ఏ-2కే కూలింది. గ్రాఫు దాన్ని కప్పిపెట్టింది.

ఇక్కడ మీరు నన్ను పట్టుకోవచ్చు. స్లిప్ టెస్టులో పన్నెండు ఎనిమిది కావడం చింతగింజల ఆటేనని ఇప్పుడే చెప్పారు కదా అని. ఆ రెండు అంకెలే ఉంటే నేనూ అంతే అనేవాణ్ణి. అంకెలు వదిలేసి జవాబుపత్రాలు తీశాను. ఎఫ్ఏ-1లో పోయిన రెండు లెక్కలూ రుణ సంఖ్యలున్న భిన్నాలవే. ఎఫ్ఏ-2లో సమీకరణాలు వచ్చాయి. అక్కడా, పదాన్ని ఇటు నుంచి అటు పంపేటప్పుడు గుర్తు మార్చాల్సిన ప్రతిచోటా తప్పాడు. ఎస్ఏలో మూడు వేర్వేరు పాఠాల్లో అదే తప్పు. దురదృష్టమైతే ఒక్కోసారి ఒక్కోచోట తగులుతుంది. ఇది మూడు పరీక్షల్లోనూ ఒకే చోట తగిలింది. ఆ పిల్లవాడికి ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల దగ్గర ఏదో జారిపోయింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు మధ్యాహ్న భోజనం తర్వాత ఓ ఇరవై నిమిషాలు నా దగ్గర సంఖ్యారేఖ మీద కూడికలు, తీసివేతలు చేస్తున్నాడు. సైకిల్ తీసేసుకోనక్కర్లేదని వాళ్ల నాన్నగారికి చెప్పాను.

మొదట చెప్పిన అమ్మాయి ఎస్ఏ పేపరు కూడా తీద్దాం, ఆ తండ్రిగారి కోసం. పోయినవి 19 మార్కులు. మాటల్లో ఇచ్చిన లెక్కను సమీకరణంగా రాయడంలో రెండు తప్పులు, వాటికి 8. గుర్తులు మార్చడంలో 3. యూనిట్లు రాయనందుకు 2. చతుర్భుజ నిర్మాణం అసలు మొదలే పెట్టలేదు, దానికి 6. అడిగితే "బెల్ కొట్టేశారు సార్" అంది. ఆమెకు నిర్మాణం రాక కాదు, తరగతిలో బల్ల దగ్గర నిలబడి వృత్తలేఖినితో వేసి చూపించింది. అంటే పని చేయాల్సింది రెండు విషయాల మీద. మాటల లెక్కను నెమ్మదిగా చదివి దేన్ని ఎక్స్ అనుకోవాలో రాసుకోవడం, చేయగలిగిన పెద్ద ప్రశ్నలు ముందు రాయడం. 92, 88, 76 అన్న మూడు చుక్కల్ని ఎంతసేపు చూసినా ఇందులో ఒక్కటీ బయటపడదు.

గీతల వాలు గురించి ఇంకో చిన్న మాట. మొదట కంప్యూటర్లో గ్రాఫులు గీసినప్పుడు ఒక అబ్బాయి తెలుగు గీత చూసి నాకే గుండె జారింది. గీత పై అంచు దగ్గర మొదలై పేజీ మధ్య దాటి కిందికి పడింది. మార్కులు చూస్తే 84, 81, 79. తేడా అంతా కలిపి అయిదు. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తాను అడుగు గీతను సున్నా దగ్గర పెట్టదు. 76 దగ్గర మొదలుపెట్టి 85 దగ్గర ఆపింది. అయిదు మార్కులు పేజీలో సగానికి పైగా ఆక్రమించాయి. అందుకే మీకు పంపినవన్నీ సున్నా నుంచి నూరు దాకా చేత్తో సరిచేసి గీశాను. వేరే బళ్ల గ్రాఫులో, ట్యూషన్ వాళ్ల గ్రాఫులో చేతికొస్తే ముందు ఎడమ పక్క అడుగున ఏ అంకె ఉందో చూడండి.

ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు ర్యాంకు గీత కూడా వేయమన్నారు. వేయను. ఎస్ఏ-1లో పద్నాలుగో స్థానంలో ఉన్న పిల్లకు 80కి 57, ఇరవై రెండో స్థానంలో ఉన్న పిల్లకు 53. మధ్యలో ఒక్క నాలుగు మార్కుల ప్రశ్న. మధ్యలో ఉన్న పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడేంత దగ్గరగా ఉంటారు. అక్కడ ఒక లెక్క అటో ఇటో అయితే ర్యాంకు ఎనిమిది మెట్లు దూకుతుంది. పైగా మీ పిల్ల ఏమీ మారకపోయినా పక్క పిల్ల మెరుగుపడితే ర్యాంకు దిగుతుంది. పక్క పిల్ల మెరుగుపడటం మీ ఇంట్లో సమస్య ఎలా అవుతుంది?

రెండో శనివారం ముందురోజు మీటింగు పెట్టాను, సాయంత్రం నాలుగింటి నుంచి. ఎస్ఏ-1 జవాబుపత్రాలు రోల్ నంబర్ల వరసలో బల్ల మీద ఉంటాయి. పిల్లనూ వెంట తీసుకురండి, ఆమె లేకుండా పేపరు చూసి లాభం లేదు. మార్కు పోయిన ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, అది రాలేదా, వచ్చి తప్పిందా, సమయం చాలలేదా అని పిల్లనే అడగండి. పక్కన పెన్సిలుతో ర, త, స అని రాసుకోండి. "ర"లు అన్నీ ఒకే పాఠం మీద పడితే నాకు చూపించండి, ఆ పాఠం నేను మళ్లీ చెబుతాను. "త"లు ఎక్కువైతే ఇంట్లో చేసే ప్రతి లెక్కనూ సరిచూసుకోవడం అలవాటు చేయాలి. "స"లు ఎక్కువైతే ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని పాత పేపరు ఒకటి రాయించండి. ఎఫ్ఏ-3 అయ్యాక ఆ పేపరునూ దీని పక్కన పెడదాం. అప్పుడు కూడా "ర"లు అదే పాఠంలో ఉంటే ఆందోళన పడటానికి మీతోపాటు నేనూ కూర్చుంటాను.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల మాస్టారు, క్లాస్ టీచరు